చదివాను, అర్థం చేసుకున్నాను

ఆ ల్యాబ్‌లో ఆవిడని అందరూ క్వాలిటీ మేడమ్ అనేవారు. రక్తపరీక్షలు పద్ధతి ప్రకారం జరుగుతున్నాయా, మిషన్లు సరిగ్గా చూపిస్తున్నాయా, కాగితాలు సక్రమంగా ఉన్నాయా అని చూడటం ఆవిడ ఉద్యోగం. ఆ పద్ధతులన్నీ నూట ఎనభై నాలుగు పేజీల ఇంగ్లీషు మాన్యువల్‌లో ఉండేవి. అందులో మొదటి కాగితం మీద ఏటా ఒక వాక్యం కింద ఆవిడ సంతకం పెట్టేది: చదివాను, అర్థం చేసుకున్నాను. ఇప్పటికి ఏడు సంతకాలు. ఒకదాన్ని మించి ఒకటి అందంగా ఉండేవి.

చదవాలని ప్రయత్నించలేదని ఎవరూ అనలేరు. నాలుగుసార్లు మొదలుపెట్టింది. చిక్కంతా ఆవిడ చదివే తీరులోనే ఉంది. చిన్నప్పుడు ఇంగ్లీషు టీచరు ప్రతి మాట కింద వేలు పెట్టించి చదివించింది. వేలు పోయింది గానీ అలవాటు పోలేదు. ఒక్క మాట వదిలినా దొంగతనం చేసినట్టుండేది. తెలియని మాట వస్తే ఆగేది, డిక్షనరీ చూసేది, మళ్లీ వాక్యం మొదటికొచ్చేది. అలా నాలుగుసార్లూ పదకొండో పేజీ దగ్గరే కునుకు పట్టింది. అందుకని ‘ఉద్దేశం, పరిధి’ అనే మొదటి అధ్యాయం ఆవిడకి కంఠతా వచ్చు. మిగతా నూట డెబ్బై మూడు పేజీల మీద మాత్రం నమ్మకమే తప్ప పరిచయం లేదు.

ఆ రోజుల్లోనే ఆవిడ తోటికోడలు ఇంగ్లీషు పరీక్షకి చదువుతోంది. నర్సు, పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగానికి ఆ మార్కులు కావాలి. పై వాటాలో ఉండేది. ఆదివారం పొద్దున్నే కాగితాలు పట్టుకుని కిందికి దిగి వచ్చేది.

"అక్కా, కాస్త టైము చూడవా? ఇరవై నిమిషాలు కాగానే ఆపేయమని చెప్పు."

"ఏం పరీక్షే ఇది?"

"గంటలో మూడు పెద్ద పాఠాలు, నలభై ప్రశ్నలు."

మొదటిరోజు తోటికోడలు పాఠాన్ని చదవనేలేదు. పేరు చూసింది, పేరాల మొదటి వాక్యాల మీదుగా కళ్లు పోనిచ్చింది, పక్కన ఒకటి రెండు మాటలు రాసుకుంది. మూడు నిమిషాలు కూడా కాలేదు, ప్రశ్నల్లో పడిపోయింది.

"చదవకుండానే జవాబులా? ఇదేం చోద్యం!" అంది క్వాలిటీ మేడమ్. సంతకాల సంగతి ఆ క్షణంలో ఆవిడకి గుర్తు రాలేదు.

"ముందు ఏ పేరాలో ఏ సంగతి ఉందో తెలిస్తే చాలక్కా. ప్రశ్న చూశాక సరిగ్గా అక్కడికి పోయి, ఆ రెండు మూడు వాక్యాలు మాత్రం నింపాదిగా చదవాలి."

"ఎక్కడుందో ఎలా దొరుకుతుంది?"

"మారని వాటిని వెతకాలి. అంకెలు, పేర్లు, తేదీలు, గుర్తులు. మామూలు మాటలు నమ్మకూడదు, వేషం మార్చుకుని కూచుంటాయి. ప్రశ్నలో పిల్లలు అంటారు, పాఠంలో పన్నెండేళ్ల లోపువాళ్లు అని ఉంటుంది."

"ఇలా ఇవ్వు, నేనూ చూస్తా."

గాజు తయారీ మీద పాఠం అది. ఇరవై నిమిషాలయ్యేసరికి ఆవిడ మూడో పేరాలో ఉంది. ఇసుక ఎంత వేడికి కరుగుతుందో, సోడా ఎందుకు కలుపుతారో ఎవరడిగినా చెప్పగలదు. ప్రశ్నల కాగితం మాత్రం తెల్లగా ఉంది.

"పదమూడింటికి సున్నా," అంది తోటికోడలు, మర్యాదకి నవ్వాపుకుంటూ. "కానీ గాజు ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తుందక్కా."

ఆ తర్వాత పది రోజులకి ల్యాబ్‌కి ఆడిటర్ వచ్చాడు. ఏటా వచ్చే ఆయనే. పెద్దమనిషి, మెత్తటి గొంతు. ఫ్రిజ్ మీద వేలాడుతున్న ఉష్ణోగ్రతల చార్టు చూస్తూ ఒక గడి దగ్గర ఆగాడు.

"పోయిన నెల పద్నాలుగో తారీఖు మధ్యాహ్నం రెండు గంటలసేపు పదకొండు డిగ్రీలు చూపించింది. లోపల టెస్టుల కెమికల్స్ ఉన్నాయి కదమ్మా?"

"ఉన్నాయండి. కరెంటు పోయింది. మళ్లీ దిగిపోయింది."

"అలాంటప్పుడు వాటిని ఏం చేయాలని మీ మాన్యువల్ చెప్తోంది?"

క్వాలిటీ మేడమ్ చిరునవ్వు నవ్వింది. ఏమీ తెలియనప్పుడు ఆవిడకి అంత ప్రశాంతమైన నవ్వు వచ్చేది.

"ఉందండి. చాలా వివరంగా ఉంది."

"అయితే ఆ పేజీ తీసి ఉంచండి. ఈలోగా నేను శాంపిల్ రూమ్ చూసి పావుగంటలో వస్తాను."

ఆవిడ గదిలోకి వచ్చి తలుపేసుకుంది. కంప్యూటర్‌లో వెతుకుదామంటే, ఆ మాన్యువల్ ఎప్పుడో కాగితాలకి ఫోటోలు తీసి పెట్టింది. ఏ మాట కొట్టినా దొరకలేదనే అంటుంది. ఇక ఫైలే దిక్కు. తెరిచింది. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. ఉద్దేశం, పరిధి. కంఠతా వచ్చిన అధ్యాయాన్నే మాట మాటా చదువుతూ మూడు నిమిషాలు తగలేశాక, తను చేస్తున్న పని తనకే తెలిసొచ్చింది.

"ఛీ, ఇల్లు కాలుతుంటే తాళంచెవి తుడుస్తున్నానే," అనుకుని విషయసూచికకి పోయింది. పై నుంచి కిందికి కళ్లు పరుగెత్తించింది. ‘ఫ్రిజ్’ లేదు. ‘రిఫ్రిజిరేటర్’ కూడా లేదు. ‘టెంపరేచర్ ఎక్స్‌కర్షన్స్’ అని ఒకటి తగిలింది గానీ, ఎక్స్‌కర్షన్ అంటే బడిపిల్లల్ని బస్సులో తిప్పడమే ఆవిడకి తెలుసు. స్టాఫ్ విహారయాత్రల గురించేమో, ఏడేళ్లలో ఒక్కసారీ తీసుకెళ్లలేదే అని ఒక క్షణం బాధపడి కిందికి దిగిపోయింది.

మరో రెండు నిమిషాలు గడిచాయి. తోటికోడలి మాటలు గుర్తొచ్చాయి. మాటలు వేషం మార్చుకుంటాయి, మారనివి వెతుకు. ఏది మారదు? డిగ్రీ గుర్తు. ఉష్ణోగ్రత గురించి ఎవరు రాసినా ఆ చిన్న సున్నా పెట్టక తప్పదు.

ఆవిడ చదవడం మానేసింది. జీవితంలో మొదటిసారి ఇంగ్లీషు పేజీని బొమ్మలా చూసింది. పేజీ నడిమధ్యగా చూపు జార్చడం, చిన్న సున్నా కనబడకపోతే తిప్పేయడం. నలభై, యాభై, అరవై పేజీలు ఎగిరిపోయాయి. మొదట్లో ఏదో పాపం చేస్తున్నట్టనిపించింది. కాసేపటికి హాయిగా అనిపించసాగింది.

డెబ్బై ఒకటో పేజీలో చిన్న సున్నా చిక్కింది. ముప్పై ఎనిమిదిన్నర డిగ్రీలు. ఇంత వేడి ఫ్రిజ్ ఏమిటని ఆ వాక్యం చదివింది. రక్తం తీసేముందు ఆవు ఒంటి వేడి అంత ఉంటే మామూలేనట.

మళ్లీ చదివింది. ఆవే. కింది పేరాలో దూడలు కూడా ఉన్నాయి. తర్వాతి పేజీలో మేకని ఎలా పట్టుకోవాలో ఉంది. మాన్యువల్ రాసిచ్చిన కన్సల్టెంట్ అంతకుముందు ఏదో పశువుల ల్యాబ్‌కి రాసిందాన్నే తెచ్చి, పేరు మార్చి అంటగట్టాడన్నమాట. ‘చదివాను, అర్థం చేసుకున్నాను’ అని ఏడేళ్లుగా తను సంతకం పెట్టింది మేకల మీద.

ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది. నవ్వడానికి కూడా టైము లేదు, ఇంకా ఐదు నిమిషాలే. మళ్లీ పేజీలు తిప్పింది. నూట మూడులో దొరికింది: రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు. పైన పేరు చూస్తే అదే ఎక్స్‌కర్షన్, వేడి హద్దు దాటి పోవడమన్నమాట. ఎనిమిది దాటినా నాలుగు గంటల్లోపే అయితే ఆ కెమికల్స్ వాడుకోవచ్చు అని కనిపించగానే ప్రాణం లేచొచ్చింది. తలుపు తెరుచుకుంది.

"దొరికిందా అమ్మా?"

"నాలుగు గంటల్లోపైతే వాడుకోవచ్చండి. మాది రెండే గంటలు," అని ఫైలు మూయబోయింది.

"వాక్యం అయిపోయిందా?"

అయిపోలేదు. ఒక కామా ఉంది. కామా తర్వాత, వాడేముందు జవాబు ముందే తెలిసిన శాంపిల్‌తో కంట్రోల్ పరీక్ష చేసి, ఫలితం సరిగ్గా వచ్చినట్టు రాసి ఉంచితేనే అని ఉంది. దొరికిన చోటే నింపాదిగా చదవాలని తోటికోడలు చెప్పిన సగం ఆవిడ చెవికెక్కలేదు. దొరికిన సంబరంలో అక్కడ కూడా పరుగే పెట్టింది.

టెక్నీషియన్‌ని పిలిచింది. "పద్నాలుగో తారీఖు కరెంటొచ్చాక కంట్రోల్ వేశావా?"

"మర్నాడు పొద్దున వేశాను మేడమ్, రోజూలాగే. బాగానే వచ్చింది."

"మరి ఆ సాయంత్రం రిపోర్టులు?"

"తొమ్మిది ఇచ్చాం."

ఆడిటర్ రాసుకున్నాడు. మర్నాటి కంట్రోల్ బాగుంది కాబట్టి ప్రమాదమేమీ జరగలేదని, అయినా తప్పు తప్పేనని, ఆ తొమ్మిదీ ల్యాబ్ నడిపే డాక్టరుగారు మళ్లీ చూడాలని మెత్తగానే చెప్పాడు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఆయన లేవబోయాడు కూడా. కానీ ఆవిడ నోరు ఊరుకోలేదు.

"ఇంకొకటి ఉందండి. మీరడగలేదు గానీ, డెబ్బై ఒకటో పేజీ చూడండి."

ఆయన చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఇదేమిటి, ఆవు..."

"తర్వాతి పేజీలో మేకలు కూడా ఉన్నాయండి."

"మీరు చదివానని సంతకం పెట్టారు కదమ్మా?"

"సంతకం నాదేనండి. చదివింది పదకొండు పేజీలే. మిగతావి ఈ పావుగంటలోనే మొదటిసారి చూడటం."

ఆడిటర్ ఫైలు చివరికి తిప్పి పోయిన సంవత్సరం ఆడిట్ కాగితం తీశాడు. ‘మాన్యువల్ మొత్తం పరిశీలించాను, లోపాలు లేవు’ అని ఉంది. కింద ఆయన సంతకమే. ఆయన చెవులు మెల్లగా ఎర్రబడ్డాయి.

"ఆ రోజు రైలుకి టైమైపోతోంది," అన్నాడు చివరికి. "పేర్లూ నంబర్లూ చూశాను. లోపలికి పోలేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో టెక్నీషియన్‌కి కూడా తెలియలేదు. నవ్వాక ఆయన పెన్ను తీసి రెండు తప్పులూ రాశాడు, మూడోదిగా పోయిన ఏటి తన పరిశీలన కూడా రాశాడు. మాన్యువల్ కొత్తగా రాయడానికి ముప్పై రోజులిచ్చాడు.

డాక్టరుగారికి సంగతి చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. ఆయన మేకల దాకా విని, కుర్చీలో వెనక్కి వాలి, "నేనూ పెట్టాను కదండీ సంతకం," అని మాత్రం అన్నాడు.

ఆ నెలంతా సాయంత్రాలు ఆవిడ, తోటికోడలు డైనింగ్ టేబుల్ మీద ఆ నూట ఎనభై నాలుగు పేజీలూ పరుచుకున్నారు. తోటికోడలు పేరాల మీదుగా ఉరుకుతూ, "ఇది పనికొస్తుంది, ఇది గేదెలది, తీసెయ్" అంటూ పక్కకి పెట్టేది. పనికొచ్చేవాటిని ఆవిడ మాట మాటా చదివి, కామాల దగ్గర మరీ ఆగి, చిన్న చిన్న వాక్యాల్లో తిరగరాసేది. నర్సుకి ఆ పని ఎంత ఉపయోగపడిందో ఏమో, పరీక్షలో చదివే భాగంలో కావలసినదానికన్నా ఎక్కువే వచ్చాయి. రాసే భాగంలో అర మార్కు తగ్గింది. రెండు రోజులు తిండి మానేసి, మూడో రోజు మళ్లీ ఫారం నింపింది.

కొత్త మాన్యువల్ అరవై రెండు పేజీలకి వచ్చింది. పంపిన వారానికి ఆడిటర్ ఆఫీసు నుంచి పెద్ద మెయిల్ వచ్చింది. అది వచ్చిన కబురు ఎలా తెలిసిందో, రెండు నిమిషాల్లో డాక్టరుగారి ఫోను.

"ఏమైందండీ? పాసా, కాదా? ఒక్క ముక్కలో చెప్పండి."

"ఉండండి సార్," అంది క్వాలిటీ మేడమ్, తెర మీద మాట కింద వేలు ఆనించి. "అంగీకరించాం అన్నారు. కామా పెట్టారు. ఆ తర్వాతది చదువుతున్నా."