పన్నెండు వేల ఆరు వందల మాటలు

సూర్యకాంత్ సారు పంపిన మరాఠీ పుస్తకం నలభై రెండు పేజీలు. పురుగుమందు కొట్టేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తల మీద ఆయన పనిచేసే సంస్థ తయారు చేయించింది. తెలుగులోకి మార్చి సరిహద్దు ఊళ్లలో పంచాలట. ఎంత తీసుకుంటానో సాయంత్రంలోగా రాసి పంపమన్నాడు. నాందేడ్ కోర్టు దగ్గరి టైపింగు దుకాణం వాళ్లు పేజీకి నూట యాభై చెప్పారని కూడా అన్నాడు.

పోయిన ఏడాది నేనూ ఇంకో సంస్థకు పేజీ లెక్కే చెప్పాను. చిన్న అక్షరాలతో కిక్కిరిసిన పేజీలు అవి. పైగా నచ్చేదాకా దిద్ది ఇస్తానని నోరు జారాను. పదకొండు సార్లు మార్పించారు. ఒకరు పెట్టించిన మాటను మరొకరు తీయించారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మా ఊరు బాబ్లీలో కూలికి పోయే మా నాన్న పోచన్నకు, నాకు రోజుకు ఆయన కూలిలో సగం కూడా రాలేదని చెప్పలేకపోయాను. ఈసారీ అట్లాగే అయితే అనువాదం మానేసి ఏదైనా దుకాణంలో ఉద్యోగం చూసుకోవాలనుకున్నాను.

అందుకని కంప్యూటరులో మరాఠీ మాటలు లెక్క పెట్టించాను. పన్నెండు వేల ఆరు వందలు. మాటకు రూపాయిన్నర చొప్పున పద్దెనిమిది వేల తొమ్మిది వందలు. రోజుకు పదిహేను వందల మాటలు చేయగలను, చివర్న అంతా చదివి సరిచూసుకోవడానికి రెండు రోజులు కావాలి. మొత్తం పదకొండు పని దినాలు రాశాను. దిద్దుబాట్లు రెండు సార్లు, అందరి అభిప్రాయాలూ ఒకే ఫైలులో, ఒకే మనిషి ద్వారా రావాలి. ఇదంతా ఒక పేజీలో పెట్టి పంపాను.

రాత్రి పుస్తకం నెమ్మదిగా చదువుతుంటే నా పొరపాటు కనిపించింది. తొమ్మిది అధ్యాయాల చివరా ఒకే హెచ్చరిక ఉంది, అక్షరం తేడా లేకుండా, రెండు వందల మాటలు. ఒకసారి అనువదిస్తే మిగతా ఎనిమిది చోట్లా అతికించుకోవడమే. పదహారు వందల మాటలకు నేను పూర్తి రేటు వేశాను. లెక్క మొత్తం చూసి పంపానే గాని పుస్తకం చూడలేదు.

చెప్పకుంటే వాళ్లకు తెలియదు. చెబితే, లెక్కే రాని పిల్ల అనుకుంటారేమో. పొద్దున్నే నాన్నకు ఫోన్ చేశాను. సోయా కోతకు కూలీల గుంపు తరఫున, చేను మొత్తానికి ఇంతని గుత్త మాట్లాడేది ఆయనే. అంతా విని అన్నాడు.

"గుత్త మాట్లాడంగ ముందుగాల చేను చుట్టు తిరిగి సూస్తం గద బిడ్డా. బండ పడ్డ జాగ తీసేసే చెప్తం. సూడకుంట చెప్పినవంటె తప్పు నీదే. పోయి చెప్పు, కని నీ రేటు మాత్రం తగ్గియ్యకు."

సంస్థ ఆఫీసుకు పోయాను. సూర్యకాంత్ సారుది భోకర్, ఇంట్లో తెలుగే. నా కాగితం ముందు పెట్టుకుని నవ్వాడు.

"ఏందమ్మా, నిమ్మకాయల లెక్క మాటలు లెక్కవెడ్తున్నవ్?"

"పేజీ అంటె ఎవలకు నష్టమో ఎవలకు తెల్వది సార్. మాటలైతె ఇద్దరం లెక్కవెట్టుకోవచ్చు."

తరువాత నా పొరపాటు చెప్పాను. హెచ్చరికను ఎనిమిది చోట్ల అతికించినా, ఒక్కొక్కటి సరిగ్గా పడిందో లేదో చూడాలి కాబట్టి వాటికి పావు రేటు. కొత్త మొత్తం పదిహేడు వేల నూరు. గడువు కూడా ఒక రోజు తగ్గి పది రోజులు. ఆయన నవ్వు ఆపి, పుస్తకం తిరగేసి, ప్రతి అధ్యాయం చివరా వేలు పెట్టి చూశాడు. టైపింగు దుకాణం రేటు ఊసు మళ్లీ ఎత్తలేదు.

నాలుగు రోజుల్లో ఇవ్వమని అడిగాడు. కాదన్నాను. నాలుగో రోజుకు మొదటి మూడు అధ్యాయాలు ఇస్తే పేజీలు పేర్చేవాళ్లు మొదలుపెట్టుకోవచ్చని చెప్పాను. దానికి ఒప్పుకున్నాడు. దిద్దుబాట్ల దగ్గర మాత్రం పట్టుబట్టాడు.

"రెండే సార్లంటివి. మరి నీ తప్పు మూడోసారి బయటపడితె?"

"నా తప్పుకు లెక్క లేదు సార్, ఎప్పుడైనా ఊకెనే దిద్దుత. మీ మరాఠీ మారితె మాత్రం అది కొత్త పని."

ఆయన పెన్ను తీసి, ఆ మాట కూడా కాగితంలో రాయమన్నాడు. రాశాక కింద సంతకం పెట్టాడు.

పదో రోజు సాయంత్రం పుస్తకం పంపాను. మొదటి దిద్దుబాటు ముప్ఫై చోట్ల వచ్చింది, రెండోది ఆరు చోట్ల. అన్నీ ఒకే ఫైలులో, వాళ్ల ఆఫీసులోని శ్రద్ధ చేతి మీదుగా. అది ముగిసిన వారానికి సూర్యకాంత్ సారు ఫోన్ చేశాడు. విషం కళ్లలో పడితే ఏం చేయాలో వాళ్ల సంస్థ పెద్దసారు కొత్తగా రెండు పేజీలు రాయించాడట.

నేను నోరు తెరవకముందే ఆయనే అన్నాడు. "ఆరు వందల నలభై మాటలున్నయ్, మేమే లెక్కవెట్టినం. నువ్వు గూడ ఒకపారి లెక్కవెట్టుకొని, ఎన్ని దినాలో చెప్పు."

ఫైలు తెరిచి లెక్క పెట్టాను. మళ్లీ వచ్చే ముక్కలు ఏమైనా ఉన్నాయేమోనని మొదటి నుంచి చివరిదాకా చదివాను. లేవు. తొమ్మిది వందల అరవై రూపాయలు, ఒక రోజు, ఒక దిద్దుబాటు అని రాసి పంపాను.