వాలిన రెప్ప

ఉషకు మెలకువ వచ్చింది గాని, ఒంటికి రాలేదు.

గొంతులో గొట్టం ఉంది. దాంట్లోంచి మిషనే ఊపిరి ఊదుతోంది. కళ్లు తెరవాలనుకుంది, తెరుచుకోలేదు. వేలు కదపాలనుకుంది, అది ఎవరి వేలో అన్నట్టు పడి ఉంది. పంజగుట్ట ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిపోయినట్టుంది. సామాన్లు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఇంకా మత్తుల్నే ఉన్నది మేడం," అన్నాడు టెక్నీషియన్ దుర్గేష్.

లేదురా నాయనా, నేను ఇక్కడే ఉన్నాను అని ఉష లోపలే అరిచింది. ఇంతమంది మధ్య ఇంత ఒంటరిగా ఎన్నడూ లేదు. ఇలాగే పోతే ఎవరికీ తెలియదని భయంతో వణికింది. ఆ వణుకు కూడా బయటికి రాలేదు.

"మత్తు గ్యాస్ ఎప్పుడో ఆపేసినం. గుండె ఇంత జోరుగ ఎందుకు కొట్టుకుంటున్నది?" అంది మత్తు డాక్టర్ అనుపమ. కండరాలు పలుకుతున్నాయో లేదో చూడటానికి మణికట్టు మీద నరానికి చిన్నగా నాలుగుసార్లు కరెంటు పెట్టింది. చురుక్కుమంది. మొదటిసారి బొటనవేలు కొంచెం అదిరింది, తర్వాత ఇంకా తక్కువగా, నాలుగోసారి అసలు లేదు.

అనుపమ ఆమె చెవి దగ్గరికి వంగింది. "ఉషా, నువ్వు మేల్కొనే ఉన్నవ్. కండరాలు కదలకుండ ఇచ్చిన మందు ఇంకా దిగలే. విరుగుడు ఇస్తున్న. నీ చెయ్యి పట్టుకునే ఉంట."

నిజంగానే పట్టుకుంది. కాసేపటికి ఉష వేళ్లు ఆ చేతిని నొక్కాయి.

గొట్టం తీశాక సాయంత్రం దాకా ఐసీయూలో ఉంచారు. అనుపమ మళ్లీ వచ్చింది. "నరం వదిలే రసాయనం కండరం మీది గ్రాహకాలను, అంటే రిసెప్టర్లను, అందుకుంటేనే కదలిక. మేమిచ్చిన మందు వాటి మీద కూసుంటది. అది చిన్న డోసే, అయినా నీకు దిగలే. నీ ఒంట్ల యాంటీబాడీలు ముందుగాల్నే గ్రాహకాలను తగ్గించినట్టున్నయి. మయస్తీనియా అనే కండరాల నీరసం జబ్బని నా అనుమానం. పరీక్షలు చేద్దాం. పొద్దుగూకితే నీరసమైతదా?"

ఉష గతుక్కుమంది. అమీర్‌పేటలో కోచింగ్ చెబుతుంది తను. సాయంత్రం బ్యాచ్‌లో బోర్డు మీద చెయ్యి నిలవక, మాట ముక్కులోకి పోయి, పొద్దున బ్యాచ్‌లకు మారిపోయింది. ఆపరేషన్‌కు ముందు డాక్టర్లు అడిగితే ఏ ఇబ్బందీ లేదంది. అలసటే అనుకుంది.

"ఇంట్ల ఎవ్వరు గమనించలేదా?"

"హాస్టల్ మేడం. రూమ్మేట్లు నెల నెలకూ మారుతరు."

"పైకి చూడు. రెప్ప వేయకు."

ఉష చూసింది. కాసేపటికి కుడి రెప్ప మెల్లగా వాలడం మొదలైంది. అనుపమ కళ్లు ఆమె ముఖం మీదే నిలిచి ఉన్నాయి. ఇంతసేపు తన ముఖం చూసినవాళ్లు ఈ ఊళ్లో ఎవరూ లేరని ఉషకు తెలిసింది.

"చాలు, కళ్లు మూసుకో. వాడేకొద్దీ నరం వదిలే రసాయనం తగ్గుతది. నీకు గ్రాహకాలు గూడ తక్కువ, అందుకే వాలింది."

ఉష మూసుకోలేదు.

"ఇంకొంచెంసేపు చూడుండ్రి మేడం," అంది, ముక్కులోకి పోతున్న మాటతో.