ఆరు లీటర్ల తేడా

కరుణకు ఒళ్లు మండుతూనే ఉంది. మోత్కూర్ దగ్గర ఆ బడిలో లెక్కల టీచరుగా చేరిన ఆరేళ్లలో ఒక్క మార్కు కోసం ఇంత రభస ఎన్నడూ చూడలేదామె.

జిల్లా గణిత పోటీకి ఏడో తరగతి నుంచి ఒక్కరినే పంపాలి. బడిలో పెట్టిన పరీక్షలో గోపీకృష్ణకు ముప్పై ఎనిమిది, వర్షితకు ముప్పై ఏడు. ఆ ఒక్క మార్కు కరుణే కోసింది. పొద్దున వర్షిత నాయన జంగయ్య పత్తి చేను వదిలిపెట్టి వచ్చి, బిడ్డ జవాబు తప్పా అని అడిగాడు. కాదంది. మరి మార్కెందుకు పోయింది అన్నాడు. ఆమె చెప్పిన స్టెప్పుల సంగతి ఆయన చెవికెక్కలేదు. హెడ్మాస్టరు విజేందర్ సారైతే, జవాబు రైటైతే ఇచ్చేయరాదా, తలనొప్పి పోతది అన్నాడు. లెక్కలంటే కూరగాయల బేరమా, కొసరు వేయడానికి?

స్టాఫ్ రూము తలుపుకు దారంతో ఒక నోటుబుక్కు వేలాడుతుంటుంది. నోరు తెరిచి అడగలేని పిల్లలు అందులో సందేహం రాస్తే, టీచరు కిందనే జవాబు రాయాలి. ఆ పద్ధతి పెట్టింది కరుణే. నిన్న వర్షిత అందులో 'నా జవాబు రైటే గదా, మార్కు ఎందుకు పోయింది?' అని రాసింది. కరుణ విసురుగా 'స్టెప్ తప్పు' అని రెండు ముక్కలు గీకింది. దాని కింద పిల్ల మళ్లీ రాసింది: 'ఏ స్టెప్? తప్పయితే ఆరు ఎట్ల వచ్చింది?'

అడగాల్సిన ప్రశ్నే. అందుకే కరుణకు తన మీదే ఇంకా కోపం వచ్చింది. మధ్యాహ్నం టిఫిను డబ్బా పక్కకు నెట్టి, వర్షిత పేపరు ముందర పెట్టుకుంది.

లెక్క చిన్నదే. మజ్జిగ కోసం పెరుగు, నీళ్లు 1:3 నిష్పత్తిలో కలిపారు. మొత్తం పన్నెండు లీటర్లు. పెరుగు కంటే నీళ్లు ఎన్ని లీటర్లు ఎక్కువ? వర్షిత మూడులోంచి ఒకటి తీసేసి రెండు అని రాసింది, పన్నెండును రెండుతో భాగించింది, ఆరు తెచ్చింది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడింది గానీ, పడింది సరైన చోటే!

రెండుసార్లు రాసి కొట్టేసి, మూడోసారి నోటుబుక్కులో నిదానంగా రాసింది కరుణ.

'నీ జవాబు 6 సరైనదే. 3 − 1 = 2 కూడా సరైనదే, నీళ్లు రెండు భాగాలు ఎక్కువ. కానీ 12 లీటర్లు ఆ రెండు భాగాలవి కావు. పెరుగు ఒకటి, నీళ్లు మూడు, మొత్తం నాలుగు భాగాలవి. 12 ÷ 4 = 3, అంటే ఒక భాగం 3 లీటర్లు. రెండు భాగాలు 6 లీటర్లు. 12ను 2తో భాగించినా 6 రావడం ఈ అంకెలకు అట్లా కుదిరింది, అంతే. నమ్మకపోతే 2:3 నిష్పత్తి, మొత్తం 20 లీటర్లు పెట్టుకుని నీ పద్ధతిలోనే చేసి చూడు.'

సాయంత్రం బడి విడిచే వేళకు వర్షిత ఆ నోటుబుక్కు పట్టుకుని వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. తన పద్ధతిలో చేస్తే మూడులోంచి రెండు పోగా ఒకటి, ఇరవైని ఒకటితో భాగిస్తే ఇరవై వచ్చిందంది. మొత్తమే ఇరవై అయితే తేడా ఇరవై ఎట్లుంటది, పెరుగు అసలే లేనట్టు గదా అంది. ఐదు భాగాలు చేసి మళ్లీ చూస్తే నాలుగు లీటర్లొచ్చిందట. కరుణకు పొద్దుటి నుంచి పట్టిన తలనొప్పి కాస్త దిగింది. శభాష్ అనబోయింది.

"నా స్టెప్ తప్పే మేడం. గానీ గోపీకృష్ణ గూడ గిట్లనే చేసిండు. ఆనికి నేనే చెప్పిన, పరీక్షకు ముందల. ఆనికి మార్కు కొయ్యలే మీరు."

కరుణ కట్టలోంచి గోపీకృష్ణ పేపరు లాగింది. అక్షరాలు గుండ్రంగా, గీతలు స్కేలుతో గీసి ఉన్నాయి. మూడులోంచి ఒకటి, రెండు. పన్నెండు బై రెండు, ఆరు. పక్కనే తను పెట్టిన ఎర్ర టిక్కు. ముత్యాల్లాంటి రాత చూసి, కింది ఆరు చూసి, నడుమ చదవకుండానే నాలుగు మార్కులకు నాలుగూ వేసింది. వర్షిత కోడిగీతలైతే మాత్రం కళ్లు చించుకుని వెతికింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

పోటీకి గోపీకృష్ణ పేరు మధ్యాహ్నమే పంపేశామని, వెబ్‌సైటు కూడా మూసేశారని విజేందర్ సారు అంతకుముందే చెప్పి వెళ్లాడు. కరుణ ఆ మాట వర్షితకు చెప్పింది.

వర్షిత ఏడుస్తుందనుకుంది కరుణ. ఏడవలేదు. నోటుబుక్కు బల్ల మీద పెట్టి, ఒక తెల్ల పేజీ తిప్పింది.

"అయితే నాకు రాసినట్లే ఆనికి గూడ రాయుండ్రి మేడం. పోటీకి పొయ్యి గూడ గిట్లనే చేస్తడు ఆడు. జెర ఇయ్యాల్నే రాయుండ్రి."