ఎనభై జతల పరదాలు

హోటల్ అకౌంట్స్ గదిలో చెల్లెలు ఆ బిల్లును మూడోసారి చదివింది. అది అక్క కుట్టు దుకాణం నుంచి వచ్చింది. "కిటికీ పరదాలు, ఎనభై జతలు" అని అక్క చేతిరాత. కొత్తగా బాగుచేసిన అంతస్తులో కిటికీలు నలభై. కిటికీకి ఒక జత. హోటల్ ఇచ్చిన ఆర్డరు నలభై జతలకే, సరుకు దించుకుని స్టోర్సువాళ్లు సంతకం పెట్టిన రసీదులో ఉన్నదీ నలభై జతలే. ధరేమో జతకింత అని. బిల్లు సరిగ్గా రెండింతలై కూర్చుంది.

మేనేజరుకు ఆఫీసులో 'కత్తెర' అని పేరు. ఏ బిల్లు చూసినా ఎక్కడో ఒకచోట కోత పెట్టనిదే ఆయనకు ముద్ద దిగదు. ఇంత పెద్ద కోత దొరికేసరికి ముఖం వెలిగిపోయింది.

"చూశావా అమ్మా, మీ అక్కగారు మనకే టోపీ పెట్టబోయారు! మన జాబితాలోంచి ఆ దుకాణం పేరు కొట్టేద్దాం. ఊళ్లో కుట్టేవాళ్లకు కరువా?"

ఆర్డరు ఇచ్చిన రోజే ఆ దుకాణం తన అక్కదని ఆమె ఆయనకు చెప్పింది. దాపరికం లేదు. అందుకే ఇప్పుడు వెనకేసుకు రావడం కూడా కష్టంగానే ఉంది.

"టోపీ కాదు సార్. పొరపాటు. ఎలా జరిగిందో కూడా నాకు తెలుసు" అంది.

తెలియకేం? ఈ ఉద్యోగంలో చేరేదాకా ఆ దుకాణంలో తనూ కుట్టింది. సరుకు పంపే ముందు ఇద్దరూ బల్లకు చెరోవైపు నిలబడి, అక్క ఒక పరదా, తనొక పరదా ఒకేసారి మడిచి, గొంతు కలిపి "ఒకటి" అనేవారు. ఆ ఒకటి అంటే ఒక జత. నోటికొచ్చిన ఆఖరి అంకె నేరుగా బిల్లులోకి ఎక్కేది. మధ్యలో ఒకళ్లు నవ్వితే లెక్క తప్పేది, మళ్లీ మొదటికొచ్చేవారు. నవ్వేది ఎప్పుడూ తనే, తిట్లు తినేదీ తనే.

ఇప్పుడు అక్క ఒక్కతే మడుస్తోంది. పరదాకో అంకె. ఎనభై దగ్గర ఆగి, పాత అలవాటు కొద్దీ జతలని రాసేసింది.

"నెలజీతం తియ్యనైపోయిందిలే నీకు" అని, తను ఈ ఉద్యోగంలో చేరిన రోజు అక్క ముఖం తిప్పేసుకుంది. అప్పట్నుంచి మాటల్లేవు. చెల్లెలికి అక్క గొంతు వినాలని ఎంతగా ఉందంటే, తిట్టినా ఫరవాలేదనిపిస్తోంది. ఫోన్ చేసింది. అక్క ఎత్తలేదు.

ఇక ఉత్తరమే దిక్కు. "మీ బిల్లులో ఎనభై జతలని ఉంది. మా ఆర్డరు, సరుకు ముట్టిన రసీదు జతచేస్తున్నాం. రెండింటిలోనూ నలభై జతలే. పరదాలను విడివిడిగా లెక్కించి జతల కింద వేసినట్టున్నారు. ధరలో తేడా లేదు. సరిచేసిన బిల్లు నమూనా కూడా పంపుతున్నాం. పన్ను కూడా ఆ మొత్తానికే వేశాం. సమ్మతమైతే పాత బిల్లు రద్దు చేసి కొత్తది పంపండి. అందాక చెల్లింపు ఆపుతున్నాం."

కత్తెర రెండుసార్లు చదివాడు. ఎనభైని రెండుతో భాగించి చూసుకున్నాడు. "సరిగ్గా పోతోందే" అని కాస్త నిరాశపడి సంతకం పెట్టాడు. "కొత్త బిల్లు సరిగా వస్తే పేరు ఉంచుదాం."

నాలుగు రోజులకు ఆఫీసు ఫోన్ మోగింది.

"పరదాల బిల్లు సంగతి చూసేది ఎవరండీ?" అక్క గొంతే. ఆ 'అండీ' విని చెల్లెలికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేనేనక్కా."

అటు కాగితాలు తిప్పిన చప్పుడు.

"కొత్త బిల్లు పంపాను. నలభై జతలు. నీ నమూనాలో ఉన్నట్టే."

"వచ్చింది. సరిపోయింది. ఇవాళే చెల్లింపుకు పెడతాను."

"ఎనభై వచ్చాయే నాకు. మళ్లీ మళ్లీ లెక్కపెట్టాను. ఎన్నిసార్లు పెట్టినా ఎనభయ్యే" అంది అక్క. "తప్పెక్కడుందో నీ ఉత్తరం చూసేదాకా తట్టలేదు."

"ఒక్కదానివే పెట్టావు కదక్కా."

"మరి ఎవరున్నారే?"

చెల్లెలు గోడమీది క్యాలెండరు వైపు చూసింది. పక్క గదిలో కత్తెర ఎవరి బిల్లునో చదువుతూ గొణుగుతున్నాడు.

"ఆదివారం నాకు సెలవు. రానా?"

"వస్తే రా." అక్క గొంతు సవరించుకుంది. "బల్లకి నీ వైపంతా గుడ్డలు పేర్చేశాను. తీసేస్తాలే."