లక్షా ఇరవై వేల ముచ్చట

మా ఆయనకి హెర్నియా ఆపరేషన్ అని ఆసుపత్రిలో చేర్చిన రోజు మధ్యాహ్నమే ఫోన్‌కి ఉత్తరం వచ్చింది. పైన ఆసుపత్రి పేరు, కింద ఇన్సూరెన్స్ కంపెనీ ముద్ర, మధ్యలో లావు అక్షరాల్లో 'అప్రూవ్డ్: రూ. 1,20,000'. నాలుగు పేజీల ఉత్తరంలో మా ఆయన ఆ ఒక్క ముక్కే చదివారు. చదివి ఊరుకోకుండా ఫోటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టారు. మా పెద్దత్త 'కంగ్రాట్స్' అంది. ఎవరో మిఠాయి బొమ్మ కూడా పెట్టారు.

"చూసేవా నాగా, పదకొండేళ్ళు ప్రీమియం కడుతుంటే దండగ దండగ అన్నావు. ఎంత వచ్చిందో చూడు," అన్నారు పైడిరాజుగారు మంచం మీంచి, లాటరీ తగిలిన మొహంతో.

"వచ్చిందా, వస్తుందన్నారా?"

"రెండూ ఒకటే."

గాజువాకలో రంగుల కొట్టు నడిపే మనిషి. అడ్వాన్సు వేరు, బిల్లు వేరు అని కొట్టుకొచ్చే వాళ్ళకి రోజూ చెప్తారు. తనదాకా వచ్చేసరికి రెండూ ఒకటే అయిపోయాయి.

నా బెంగ వేరు. డిగ్రీలో కలిసి చదివిన నలుగురం మేఘాలయ వెళదామని రెండేళ్ళుగా అనుకుంటూ, ఎట్టకేలకు టూరు బుక్ చేశాం. నా వాటా మిగతా ముప్పై ఎనిమిది వేలు గురువారం సాయంత్రంలోగా కట్టాలి. కట్టకపోతే నా చోటు, మా నలుగురిలో డబ్బులు వసూలు చేస్తున్న ఇందుమతి వాళ్ళ ఆడపడుచుకి పోతుంది. చీటీ పాడి దాచిన డబ్బు బ్యాంకులో ఉంది. మా ఇంట్లో ఊరికే ఉన్న డబ్బుకి కాళ్ళు వస్తాయి. ఆసుపత్రిలో అయితే రెక్కలే.

అందుకని వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఆ నాలుగు పేజీలూ చదివాను. కుర్చీలో కూర్చుంటే కాలు ఆడుతూనే ఉంది, పక్కావిడ విసుక్కుంది. లేచి తిరిగితే సెక్యూరిటీ అతను చూస్తున్నాడు. ఆసుపత్రి వాళ్ళు వేసిన అంచనా లక్షా యాభై వేలు. కంపెనీ ఇప్పటికి ఒప్పుకున్నది లక్షా ఇరవై. ఇది మొదటి అనుమతి మాత్రమేననీ, చివరకి ఎంత ఇచ్చేదీ అసలు బిల్లు, డిశ్చార్జి కాగితాలు, పాలసీ షరతులు చూసి తేలుస్తామనీ రాశారు. ఇంకొంచెం కింద 'అర్హత గల గది అద్దె: రోజుకి రూ. 5,000'. అంతకు మించిన గదిలో ఉంటే గదితో ముడిపడిన మిగతా ఖర్చులు కూడా ఆ దామాషాలో తగ్గిస్తారట. దామాషా అన్న మాట దగ్గర రెండుసార్లు ఆగాను. లెక్కల్లో నాకెప్పుడూ మంచి మార్కులే, అయినా వేళ్ళ మీద ఇంకోసారి లెక్కేసుకున్నాను.

మేమున్నది ఇద్దరు రోగుల గది. అద్దె నాలుగు వేల ఎనిమిది వందలు. మధ్యలో ఆకుపచ్చ తెర. తెరకి అవతల కిడ్నీలో రాళ్ళాయన. ఆయన మూలుగుతుంటాడు, ఆయన వాళ్ళు పులిహోర తింటుంటారు. ఫరవాలేదనుకుని చదవడం పూర్తిచేసి గదిలోకి వచ్చేసరికి మా బావగారు నూకరాజుగారు నిలబడి ఉన్నారు. కరెంటు ఆఫీసులో పెద్ద పదవిలో రిటైరయినా, ఇంకా అందరి ఫ్యూజులూ ఆయన చేతిలోనే ఉన్నట్టు ఉంటారు.

"ఏటమ్మా నాగావళీ, ఇదేటి? సంతలో పడుకోబెట్టీసేరు మా తమ్ముణ్ణి!"

"బాగానే ఉంది బావగారూ. గాలి వస్తుంది."

"గాలికేటి, మూలుగులు కూడా వస్తన్నాయి. రేపు మా వియ్యంకుడు చూడ్డానికొస్తానన్నాడు. ఎక్కడ కూర్చోబెడతావు, ఆయన్ని? తెర ఎనక్కా?"

మా ఆయన సన్నగా అన్నారు, "డీలక్స్ రూములో సోఫా ఉంటాదటన్నియ్యా. టీవీ పెద్దదట."

"మరెందుకు ఆలోచిస్తన్నావు? లక్షా ఇరవై వేలు శాంక్షనయిపోయినాది. వాడుకోకపోతే వాళ్ళు మిగుల్చుకుంటారు. మనకేటి, వెనక్కిస్తారా?"

"ఆ డబ్బు అలా వాడుకోడానికి కాదు బావగారూ, గదికి హద్దు ఉంది, పైగా..."

"నువ్వు కంగారు పడకమ్మా. ఇవన్నీ నేను మాట్లాడతాను," అని ఆయన మాట్లాడ్డానికి వెళ్ళిపోయారు. మా ఆయన అప్పుడే తలకింద దిండు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు, ప్రయాణానికి సిద్ధంగా.

నేను బావగారి వెనకాల వెళ్ళలేదు. ఆయన పక్కనుంటే నేను నోరు విప్పలేను. ఇంకోవైపు మెట్లమీదుగా దిగి ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర నిలబడ్డాను. అక్కడ ప్రశాంతి అని ఒక అమ్మాయి, పేరుకి తగ్గ వేగంతో పని చేస్తోంది. డీలక్స్‌కి మారితే ఏమవుతుందని అడిగాను.

"డీలక్స్ రోజుకి పదివేలండి. మీ అర్హత అయిదు. అంటే సగం. రూము అద్దెలోనే కాదు, డాక్టరు ఫీజు, థియేటరు, మత్తు డాక్టరు, నర్సింగు, ఇలా రూముని బట్టి మారేవన్నీ సగమే ఇస్తారు. మందులకి, లోపల వేసే వలలాంటి మెష్‌కి, పరీక్షలకి ఆ కోత పడదు."

"ఆ మారేవన్నీ ఎంతవుతాయమ్మా?"

"డీలక్స్‌లో మా రేట్లు కూడా ఎక్కువే కదండీ. లక్ష దాకా వెళ్తాయి."

లక్షలో సగం యాభై. అద్దెలో తేడా మూడు రోజులకి పదిహేను. మేఘాలయ కాదు కదా, అరకు కూడా లేదు.

"ఆపరేషన్ అయ్యాక తిరిగి ఈ గదికి వచ్చేస్తే?"

"ఆపరేషన్ ఏ రూము కింద జరిగితే ఆ రేటే పడుతుందండి. మార్చుకునేది ఉంటే పొద్దున్న థియేటర్‌కి తీసుకెళ్ళే ముందే."

"ఈ ఉత్తరంలో లక్షా ఇరవై అని ఉందిగా?"

"అది మొదలెట్టడానికి ఇచ్చిన మాటండి. ఆఖరి లెక్క బిల్లు పంపాకే."

పైకి వచ్చేసరికి గది ఖాళీ చేస్తున్నారు. వార్డు ఆయా మా ఫ్లాస్కు, చెప్పులు ఒక కవరులో వేసేసింది. బావగారు ఒక కాగితం నా ముందు పెట్టారు.

"ఇదిగోనమ్మా, రూము మార్పుకి రోగి అటెండెంటు సంతకం అడుగుతన్నారు. ఇక్కడ పెట్టీ. చక్రాల కుర్చీ వచ్చీసింది."

నా చేతిలో పెన్ను కూడా పెట్టారు. ఆ క్షణంలో వాదిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన గొంతు పెరుగుతుంది, రాళ్ళాయన మూలుగు ఆపి వింటాడు, మా ఆయన అన్నగారి పక్షం చేరతారు, నేను పిసినారినవుతాను. ఆపరేషన్ ముందు రోజు మొగుడి సుఖానికి అడ్డం పడిన ఇల్లాలిగా చుట్టాల గ్రూపులో రెండో ఉత్తరం పడుతుంది.

పెన్ను మూత తీసి, కాగితంలో మూడో వాక్యం చూసి, మళ్ళీ పెట్టాను.

"అయ్యో, మీరుండగా నేను సంతకమేటి బావగారూ. ఇంటికి పెద్దవారు. గది చూసిందీ మీరే, మాట్లాడిందీ మీరే."

బావగారి ఛాతీ ఒక అంగుళం లేచింది. "సరేలే, ఇలాగియ్యి." జేబులోంచి కళ్ళజోడు తీసుకున్నారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు చదవకుండా సంతకం పెట్టని మనిషి. ఆ అలవాటే నా ఆశ. ఆయన మొదటి వాక్యం పైకి చదివారు, అందరికీ వినబడేలా. రెండో వాక్యం దగ్గర గొంతు తగ్గింది. మూడోది పెదవులతోనే చదివారు.

"ఇన్సూరెన్స్ ఇవ్వని తేడా మొత్తం... సంతకం చేసినవారు... డిశ్చార్జికి ముందు..." అని నా వైపు చూశారు. "ఏటమ్మా ఇది?"

"అదేదో సగం సగం లెక్కట బావగారూ. గదికి హద్దు దాటితే డాక్టరు ఫీజూ అవీ కూడా సగమే ఇస్తారట. అరవై వేలు పైనే పడొచ్చని కింద అమ్మాయి అంటోంది. మీకు తెలిసే ఉంటుంది."

ఆయన కాగితాన్ని ఇంకోసారి చూశారు, కింద ఇంకేమైనా మంచి కబురు ఉందేమోనని. తరవాత కళ్ళజోడు మడిచారు.

"ఆ డీలక్స్ గది గుమ్మం దక్షిణానికుందిరా పైడీ," అన్నారు తమ్ముడితో. "నేనిందాకే గమనించాను. ఆపరేషన్‌కి ముందు దక్షిణం గుమ్మం దాటడం నాకు నచ్చలేదు."

"సోఫా ఉంటాది గదన్నియ్యా..."

"సోఫా ఎటేపున్నా గుమ్మం దక్షిణమే!"

చక్రాల కుర్చీ ఖాళీగా వెళ్ళింది. ఆయా మా ఫ్లాస్కు మళ్ళీ బల్ల మీద పెట్టింది. బావగారు వియ్యంకుడికి ఫోన్ చేసి, రోగికి ఇన్ఫెక్షన్ రాకుండా ఎవర్నీ రానివ్వట్లేదని చెప్పారు. తెర అవతలి నుంచి ఒక చెయ్యి పులిహోర పొట్లం అందించింది. ఆకలి ఉందో లేదో చూసుకోకుండానే తినేశాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. అసలు యాతన గురువారం. డాక్టరు పొద్దున్నే ఇంటికి వెళ్ళొచ్చన్నాడు. నర్సు చేతికున్న సూది తీసేసింది. వంటింటి వాళ్ళు మమ్మల్ని లెక్కలోంచి తీసేశారు, భోజనం రాలేదు. మా ఆయన కొత్త అంగీ తొడుక్కుని మంచం అంచున పెళ్ళిచూపుల్లోలా కూర్చున్నారు. బిల్లు కంపెనీకి వెళ్ళింది, జవాబు రాలేదు. నేను లిఫ్టు దాకా వెళ్ళడం, రావడం. డెస్క్ దగ్గరకి వెళ్తే 'ప్రాసెస్‌లో ఉందండి'. ఇందుమతి నుంచి మెసేజీ: 'కడుతున్నావా, మా ఆడపడుచుకి చెప్పేయనా?'

"బిల్లు లక్షా నలభై ఎనిమిది వేల మూడొందలట," అన్నాను మా ఆయనతో.

"లక్షా ఇరవై పోతే ఇరవై ఎనిమిది. నీ చీటీ డబ్బుంది గదా."

ఆ లెక్క తప్పని నాకు తెలుసు. గది హద్దులోనే ఉన్నాం, కాబట్టి వాళ్ళు మొదట ఒప్పుకున్నదాని మీద పెంచుతారు. కోసేదల్లా చేతి తొడుగులు, అడ్మిషన్ ఫీజు, నా భోజనం లాంటివి. పదివేలు అటూ ఇటూ. తెలుసుననుకోవడం వేరు, ఆ ఉత్తరం రావడం వేరు. ఇంకో గంట ఆగితే అంతా తేలుతుంది. ఆగితే నా చేతిలో డబ్బుంటుంది, ఆ డబ్బు మీద అందరి కళ్ళూ ఉంటాయి.

వరండా చివర కిటికీ దగ్గర నిలబడి ముప్పై ఎనిమిది వేలూ ఇందుమతికి పంపేశాను. పిన్ను ఒకసారి తప్పు పడింది.

పొద్దు వాలుతుండగా ప్రశాంతి పిలిచింది. చివరి అనుమతి లక్షా ముప్పై ఏడు వేల రెండొందలు. మేం కట్టాల్సింది పదకొండు వేల నూరు. మొదటి ఉత్తరం కన్నా ఎక్కువ ఇచ్చి, బిల్లు కన్నా తక్కువ ఇచ్చారు. తొడుగులూ అవీ ఏడు వేల తొమ్మిది వందలు. మిగతా మూడు వేల రెండొందలు ఏమిటని అడిగాను.

"విటమిన్ పరీక్షలండి. హెర్నియాకి సంబంధం లేదని తీసేశారు. సార్ అడిగి చేయించుకున్నారు."

మా ఆయన గోడ మీద గడియారం చూస్తూ అన్నారు, "ఎలాగూ అప్రూవయింది గదాని..."

"కట్టండి మరి."

"నీ దగ్గరున్నాయి గదా?"

"లేవండి. ఇందాకే మేఘాలయకి కట్టేశాను."

ఆయన నా వైపు, నేను ఆయన వైపు చూసుకున్నాం. ప్రశాంతి కీబోర్డు వైపు చూసింది.

"ఉత్తరం రాకముందే?"

"రాకముందే."

"ఒకవేళ నలభై వేలు కట్టమనుంటే?"

"అప్పుడు మీ అన్నగారు సంతకం పెట్టేవారు."

నవ్వబోయి కుట్ల మీద చెయ్యి వేసుకున్నారు. కార్డు తీసి డెస్క్ మీద పెడుతూ ప్రశాంతితో అన్నారు, "అమ్మా, ఆ విటమిన్ రిపోర్టయినా ఇవ్వండి. డబ్బులిచ్చి కొనుక్కున్నాను."