ధ్రువం దగ్గర చిలీ రాత్రి

స్కీల మీద దక్షిణ ధ్రువం చేరేసరికి అక్క రాయెన్, తమ్ముడు బాల్తసార్‌ల గడియారాల్లో చిలీ సమయం రాత్రి ఎనిమిది. అక్కడి పరిశోధనా కేంద్రం నడిచేది న్యూజిలాండ్ సమయం మీద కాబట్టి ఆ కేంద్రంవాళ్ళకది మధ్యాహ్నం.

"ఇక్కడ వేసవంతా ఎండ ఎటూ తగ్గదక్కా. మనమూ మధ్యాహ్నం పెట్టేసుకుని ఇంకాస్త నడుద్దాం" అంటూ బాల్తసార్ గడియారం తిప్పబోయాడు.

"ఆగరా! మనం బయల్దేరిన క్యాంపులో ఉలిసెస్ పెద్దాయన చిలీ టైముకే మన ఫోన్ కోసం చూస్తుంటాడు. ఆయన రాత్రే మన రాత్రి."

ఈ వాదులాటలో ఫోన్ వేళ దాటింది. బాల్తసారే గొణుక్కుంటూ ఫోన్ కలిపాడు.

"బతికే ఉన్నార్రా! వెతకడానికి విమానం పంపబోతున్నాను" అన్నాడు ఉలిసెస్. ఆ గొంతులో వణుకు బాల్తసార్‌కి వినబడింది.

గడియారాన్ని ముట్టకుండా, తగ్గని ఎండలోనే రాత్రి నిద్రకు డేరా వేశాడు.