ఈతకీ ఈతకీ మధ్య

ఇంట్లో అందరూ ఆ పిల్లను చేప అనే పిలుస్తారు. పదిహేనేళ్ల చేప. తెల్లవారకముందే ఒకసారి, సాయంత్రం స్కూలు వదిలాక మరోసారి పూల్‌లో దూకుతుంది. మధ్యలో తినాల్సిన తిండంతా వండి పెట్టడం వాళ్లమ్మ పని. తీసుకెళ్లి తీసుకురావడం నాన్న పని. ఆయన క్యాబ్ నడుపుతాడు. పిల్లను స్కూలు గేటు దగ్గర దించిన మరుక్షణం నుంచి ఆఫీసులకు వెళ్లేవాళ్లను ఎక్కించుకుంటాడు. తన పనిలో లోపం లేదని ఆయనకు గట్టి నమ్మకం. ఎక్కడైనా తేడా వస్తే అది వంటింట్లోనో పిల్లలోనో ఉండాలి తప్ప స్టీరింగు దగ్గర ఉండదు.

అమ్మ రోజూ మూడు డబ్బాలు కట్టేది. ఒకటి మధ్యాహ్న భోజనం. ఇంకోటి సాయంత్రం ఈతకు ముందు తినడానికి బ్రెడ్డు ముక్కలు. అన్నిటికన్నా ముఖ్యమైంది మొదటిది, పొద్దున ఈత అవగానే తినాల్సింది. అందులో అన్నం, రెండు ఉడికించిన గుడ్లు, అరటిపండు ఉండేవి. పక్కన సీసాతో పాలు. కోచ్ మేడమ్ ఆ సంగతి తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి మరీ చెప్పింది. "రోజుకి ఒక్కసారి ఈదే పిల్లలైతే కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. రెండుసార్లు ఈదేవాళ్లకి అలా కుదరదు. పొద్దున ఖర్చయిన శక్తి సాయంత్రానికి మళ్లీ నిండాలి. నీళ్లలోంచి బయటికొచ్చాక గంటలోపు కడుపులో పడాలి" అంది. పూల్ దగ్గర తిననివ్వరు. స్కూల్లో అడుగుపెట్టగానే గంట కొడతారు. కాబట్టి చేపకు దొరికేది కారులో ఉన్న కాసేపే. వెనక సీట్లో తడి జుట్టుతో కూర్చుని, ఒక్క మెతుకు కింద పడకుండా తినేసేది.

ఒకరోజు ఒక ఆఫీసు పెద్దమనిషి కారెక్కి ముక్కు మూసుకున్నాడు. దిగాక క్యాబ్ యాప్‌లో ఒక్క స్టారు ఇచ్చి, కారంతా గుడ్ల కంపు అని రాశాడు. రెండు రోజులకే ఇంకొకావిడ కూడా అదే రాసింది. స్టార్లు తగ్గితే పిలుపులు తగ్గుతాయి. నాన్నకు ఒళ్లు మండింది. కానీ పిల్ల మీద అరవలేదు. నవ్వుతూనే చెప్పాడు.

"నీ గుడ్ల దెబ్బకి నా స్టార్లన్నీ రాలిపోతున్నాయే తల్లీ. స్కూల్లో తినెయ్, సరేనా?"

"సరే నాన్నా" అంది చేప. అంతే. ఆ మాట అన్నట్టు కూడా ఆయనకు తర్వాత గుర్తు లేదు. ఇంట్లో చెప్పాల్సినంత పెద్ద విషయంగానూ తోచలేదు. డబ్బాలు రోజూ ఖాళీగానే ఇంటికొస్తుంటే అమ్మకు అనుమానం వచ్చే దారే లేదు.

మెల్లగా సాయంత్రం ఈత పాడైపోయింది. పొద్దున బాగానే ఈదే పిల్ల, సాయంత్రం సగంలోనే చేతులు బరువెక్కి, తనకన్నా చిన్నపిల్లల వెనక పడేది. జలుబు వదిలేది కాదు. చీటికీమాటికీ అమ్మ మీద విసుక్కునేది. నాన్న గట్టు మీద నిలబడి చూసి పళ్లు కొరుక్కునేవాడు. "రాత్రిళ్లు ఆ ఫోన్ పక్కన పడేస్తే అన్నీ అవే సర్దుకుంటాయి" అని కారులో దారి పొడుగునా క్లాసు పీకేవాడు. చేప కిటికీలోంచి బయటికి చూసేది.

ఒక సాయంత్రం కోచ్ మేడమ్ తండ్రీకూతుళ్లిద్దర్నీ పిలిచింది. పోటీల జట్టులో చేప ఉండాలా వద్దా అన్నది ఆ రోజే తేల్చుకోవాలి.

"పొద్దున ఈత అయ్యాక ఏం తింటోంది?" అని అడిగింది.

నాన్న ఉత్సాహంగా అందుకున్నాడు. "దానికేం లోటు లేదు మేడమ్. వాళ్లమ్మ నాలుగింటికే లేచి వండుతుంది. అన్నం, రెండు గుడ్లు, అరటిపండు, పాలు."

"ఎప్పుడు తింటోంది?"

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. నేనే వద్దన్నాను అనడం ఎంతసేపు? కానీ ఎదురుగా కోచ్, పక్కన కూతురు. నోరు దాని దారిన అది కదిలింది.

"కారులోనే మేడమ్. ఎక్కగానే."

కోచ్ పిల్ల వైపు తిరిగింది. "అవునా?"

చేప తండ్రి మొహంలోకి ఒక్కసారి చూసింది. "అవును మేడమ్" అంది.

కోచ్ నిట్టూర్చింది. "తిండి సరిగ్గానే ఉందంటే ఇక రెండు పూటల ఈత నీ ఒంటికి పడట్లేదన్నమాట. కొన్నాళ్లు పొద్దున గ్రూపులోనే ఉండు. జట్టులో నీ చోటు ఇంకొకరికి ఇస్తాను."

చేప తల ఊపింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాన్నకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఇద్దరూ కారెక్కి ఇంటికి బయల్దేరారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయనే అడిగాడు.

"స్కూల్లో తింటున్నావా ఆ డబ్బా?"

"మొదటి పీరియడ్లో తిననివ్వరు కదా నాన్నా. మధ్యాహ్నం రెండు డబ్బాలూ తినడానికి టైముండదు. ఫ్రెండ్స్‌కి ఇచ్చేస్తా."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నీ స్టార్లు పోతాయి కదా."

ఇన్నాళ్లూ ఆకలితో ఉన్న పిల్లకు ఫోన్ గురించి నీతులు చెప్పిన సంగతి గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు. ఇంటికెళ్లాక భార్య వడ్డించిన అన్నం ఆయనకు దిగలేదు. విషయం చెప్తే ఆవిడ ఒక్క మాట కూడా తిట్టలేదు. మర్నాడు నాలుగింటికే లేచి, ఎప్పట్లాగే గుడ్లు ఉడకబెట్టింది. డబ్బా మాత్రం పిల్ల చేతికి కాకుండా ఆయన చేతికిచ్చింది.

పొద్దున చేప నీళ్లలో ఉండగా ఆయన కోచ్ దగ్గరికి వెళ్లాడు. చేతులు కట్టుకుని నిలబడి, అంతా చెప్పేశాడు. కారులో వద్దన్నది తనేనని, నిన్న చెప్పింది అబద్ధమని, పిల్ల తనను కాపాడటానికే అవునందని.

"జట్టు పేర్లు నిన్న రాత్రే పంపేశానండీ. ఇప్పుడు మార్చలేను" అంది కోచ్. "ముందు సరిగ్గా తిననివ్వండి. నెల తర్వాత సాయంత్రం ఈత చూస్తాను. వచ్చే పోటీలకి అవకాశం ఉంటుంది. కానీ ఎదిగే పిల్ల. ఇలాగే సాగి ఉంటే పోయేది పోటీ ఒక్కటే కాదు, ఎముకలు కూడా గుల్లయ్యేవి. ఒకసారి డాక్టరుకి చూపించండి."

ఆయన తల దించుకుని కారు దగ్గరికొచ్చాడు. చేప అప్పటికే వెనక సీట్లో కూర్చుని తువ్వాలుతో జుట్టు తుడుచుకుంటోంది. డబ్బా తీసి ఒళ్లో పెట్టాడు.

"తిను. రేపట్నుంచి కూడా ఇక్కడే."

"మేడమ్‌కి ఏం చెప్పావు?"

"నిజం. చోటు మాత్రం పోయింది తల్లీ. నా వల్లే."

చేప కాసేపు డబ్బా మూత వైపే చూసింది. "నిన్ను బాగా తిట్టిందా?"

"లేదు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

కారు కదిలింది. చేప మొదట మెల్లగా తినసాగింది. తర్వాత ఆ నెమ్మది మర్చిపోయింది. అన్నం అయిపోయింది, గుడ్లు అయిపోయాయి, పండు రెండు కొరుకుల్లో పోయింది, పాలసీసా ఎత్తి పట్టుకుని చివరి చుక్కదాకా తాగింది. అద్దంలోంచి చూస్తున్న తండ్రికి కళ్లు మసకబారాయి. పిల్ల ఇంతలా తినడం చూసి ఎన్నాళ్లయిందో ఆయనకే తెలియదు.

"నాన్నా" అంది చేప, ఖాళీ డబ్బాలోకి చూస్తూ. "ఇంకేమైనా ఉందా?"